మీ పవర్ బ్యాంక్ రీకాల్‌లో ఉందా? నంబర్ ఎలా చూడాలి, ఎలా వెనక్కి ఇవ్వాలి, డబ్బు ఎప్పుడొస్తుంది

ఈ వీడియో మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ పవర్ బ్యాంక్ తెచ్చి పక్కన పెట్టుకోండి. ఛార్జింగ్‌లో ఉంటే తీసేయండి. మాట్లాడుకుంటూ దాని మీదున్న నంబర్ చూద్దాం.

నేను ఇంతకుముందు ఛార్జర్లు, పవర్ బ్యాంకులు అమ్మే ఒక చిన్న కంపెనీలో కస్టమర్ సపోర్ట్‌లో పని చేశాను. పేరు చెప్పను, అవసరం లేదు. ఒకసారి మేం ఒక మోడల్‌ని రీకాల్ చేశాం. అంటే, "ఇది వాడకండి, మాకు ఇచ్చేయండి, డబ్బు తిరిగి ఇస్తాం" అని కొన్నవాళ్లందరికీ చెప్పడం అన్నమాట. మెయిల్స్ పంపాం, ఎస్ఎంఎస్‌లు పంపాం. రెండు రోజులకి హాస్టల్‌లో ఉండే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నంబర్ కొట్టి చూశాను, నాది లిస్టులో లేదంది. వాడుకోవచ్చు కదా?" అన్నాడు. "వాడుకో తమ్ముడూ" అనేశాను.

రెండు వారాల తర్వాత మళ్లీ ఫోన్ చేశాడు. పవర్ బ్యాంక్ ఉబ్బిందట. రోజూ దిండు పక్కనే పెట్టుకుని పడుకుంటున్నాడు. ఫోటో పంపమన్నాను. చూస్తే అతని నంబర్ లిస్టులో ఉంది! సున్నా ఉన్న చోట ఇంగ్లిష్ అక్షరం ఓ కొట్టాడు, అంతే. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఫోటో అడక్కుండా "వాడుకో" అన్నది నేను. అది ఇప్పటికీ నన్ను వదల్లేదు. అందుకే ఈ వీడియో.

ముందు నంబర్ సంగతి. ఒకే మోడల్‌లో కొన్నే ఎందుకు రీకాల్ అవుతాయి? లోపల ఉండే లిథియం సెల్స్‌ని పవర్ బ్యాంక్ కంపెనీలు చాలావరకు బయట కొంటాయి. అవి లాట్లుగా వస్తాయి. ఒక లాట్‌లో లోపం ఉంటే, ఆ సెల్స్ ఏ బ్యాచ్‌లో పడ్డాయో ఆ పీసులే ప్రమాదం. అందుకే మీ ఫ్రెండ్‌ది, మీది చూడ్డానికి ఒకేలా ఉన్నా, ఒకటి లిస్టులో ఉండొచ్చు, ఇంకోటి ఉండకపోవచ్చు.

నిజంగా జరిగిన ఒక రీకాల్ చూద్దాం. 2025 జూన్‌లో అమెరికాలో యాంకర్ కంపెనీ పవర్‌కోర్ 10000 అనే పవర్ బ్యాంక్‌ని రీకాల్ చేసింది. మోడల్ నంబర్ A1263. సుమారు 11 లక్షల 58 వేల పీసులు. 2016 జూన్ నుంచి 2022 డిసెంబర్ దాకా అమ్మినవి. అంటే, కొని ఐదారేళ్లు అయిపోయి, బ్యాగులో అడుగున పడి ఉన్నవి కూడా ఇందులో ఉన్నాయి. అమెరికాలో చదువుకుంటున్న మనవాళ్ల దగ్గర, వాళ్లు అక్కడ్నుంచి తెచ్చి ఇంట్లో ఇచ్చినవాటిలో కూడా ఉండొచ్చు. ఇక్కడ మోడల్ కలిస్తే సరిపోదు. సీరియల్ నంబర్ కూడా కంపెనీ సైట్‌లో కొట్టి చూసుకోవాలి.

చాలామంది 10000 అన్నదే మోడల్ నంబర్ అనుకుంటారు. కాదండీ, అది కెపాసిటీ. అసలు నంబర్ చాలా చిన్నగా, లేత రంగులో, ఏదో ఒక అంచు మీద ఉంటుంది. ఫోన్ టార్చ్‌ని పక్క నుంచి పట్టండి, ఫోటో తీయండి, జూమ్ చేసి చదవండి. "మీది లిస్టులో లేదు" అని వస్తే అక్కడితో ఆగకండి. సున్నాకీ O కీ, 8 కీ B కీ, 1 కీ I కీ తేడా చూసి మళ్లీ కొట్టండి. అనుమానం ఉంటే ఫోటోనే సపోర్ట్‌కి పంపండి.

లిస్టులో ఉందని తేలిందనుకోండి. ఇంక ఛార్జ్ పెట్టకండి, దాంతో ఫోన్ ఛార్జ్ చేయకండి. "ఉన్న ఛార్జింగ్ అయిపోయేదాకా వాడేసి ఇద్దాం" అని అసలు అనుకోవద్దు. మంచానికి, కర్టెన్లకి, పేపర్లకి దూరంగా గచ్చు మీద పెట్టండి. ఎండ తగలకూడదు. ఉబ్బితే గుచ్చకండి, నొక్కకండి.

ఇప్పుడు వెనక్కి ఇవ్వడం. కవర్‌లో పెట్టి కొరియర్‌లో పంపేద్దాం అనిపిస్తుంది. వద్దు. భద్రత కారణంగా రీకాల్ అయిన లిథియం బ్యాటరీల్ని విమానంలో కార్గోగా పంపడం నిషేధం. మీరు ప్రయాణం చేసేటప్పుడు మీ బ్యాగులో కూడా తీసుకెళ్లకూడదు. మీరిచ్చిన పార్సిల్ రోడ్డు మీద పోతుందో విమానంలో పోతుందో మీకు తెలీదు కదా. అందుకే కంపెనీ ఏ పద్ధతి చెబితే అదే. కొందరు ప్రత్యేకమైన బాక్స్ పంపుతారు, కొందరు స్టోర్‌కి తెమ్మంటారు, కొందరు ఫోటో చాలంటారు.

యాంకర్ ఫోటో అడిగింది. పవర్ బ్యాంక్ మీద పర్మనెంట్ మార్కర్‌తో "recalled" అని రాయాలి. మోడల్ నంబర్, సీరియల్ నంబర్, మీ పేరు, ఫోటో తీసిన తేదీ కనపడేలా ఫోటో తీసి పంపాలి. ఆ తర్వాత దాన్ని మామూలు చెత్తలో వేయకూడదు. షాపుల్లో పాత బ్యాటరీలు వేసే డబ్బాల్లో కూడా వేయకూడదు. అక్కడి మున్సిపాలిటీ ప్రమాదకర వ్యర్థాల సెంటర్‌కి ఫోన్ చేసి, తీసుకుంటారో లేదో కనుక్కుని ఇవ్వాలి. నేను చెప్పేదొకటి, క్లెయిమ్ ఓకే అయ్యిందని మెయిల్ వచ్చేదాకా పారేయొద్దు. ఫోటో సరిగా లేదంటే మళ్లీ తీయడానికి వస్తువు ఉండాలిగా!

ఇక డబ్బు. నోటీసులో "7 పని దినాల్లో రీఫండ్" అని ఉంటే, ఎప్పటి నుంచి 7 అన్నది చూడండి. చాలాసార్లు అది ఫారం నింపిన రోజు నుంచి కాదు, వాళ్లు చెక్ చేసి ఓకే చేసిన రోజు నుంచి. ఆ హాస్టల్ కుర్రాడి లెక్కే చెప్తాను. సోమవారం ఫారం పెట్టాడు. ఫోటోలో నంబర్ మసకగా ఉందని వెనక్కొచ్చింది. శుక్రవారం కొత్తది పంపాడు. తర్వాతి మంగళవారం ఓకే అయ్యింది. అక్కడ్నుంచి శని, ఆదివారాలు తీసేసి ఏడు రోజులు లెక్కేస్తే, ఆ పై వారం గురువారం. అంటే మొదటి సోమవారం నుంచి 18వ రోజు. అతను మాత్రం వారంలో వస్తుందని ఎదురుచూశాడు. మొదటి ఫోటోనే స్పష్టంగా ఉండుంటే ఆలస్యం చాలావరకు తగ్గేది.

రీఫండ్ అంటే ఏమిస్తారో కూడా చదవండి. A1263 విషయంలో కంపెనీ ఇచ్చింది 30 డాలర్ల గిఫ్ట్ కార్డు, లేదా ఇంకో పవర్ బ్యాంక్. బ్యాంకులో పడే డబ్బు కాదు.

ఒక జాగ్రత్త. రీకాల్ వార్త వచ్చిందంటే దొంగ మెసేజ్‌లు కూడా వస్తాయి. లింక్ నొక్కకండి, కంపెనీ సైట్ అడ్రస్ మీరే టైప్ చేయండి. డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. అడిగారంటే వాడు మోసగాడే.

చెప్పిన తేదీ దాటినా డబ్బు రాకపోతే? మన దేశంలో నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉంది. క్లెయిమ్ నంబర్, ఫోటో, ఓకే అయిన మెయిల్ దగ్గర పెట్టుకుని కాల్ చేయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, ప్రమాదకరమైన వస్తువుల్ని వెనక్కి తీసుకోమని, కొన్నవాళ్లకి డబ్బు తిరిగి ఇమ్మని ఆదేశించే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఉంది. 2022లో నాణ్యత ప్రమాణాలు లేని ప్రెషర్ కుక్కర్ల విషయంలో అమెజాన్‌కి అలాగే ఆదేశం ఇచ్చింది. అమ్మిన 2,265 కుక్కర్లు కొన్నవాళ్లందరికీ చెప్పండి, వాటిని వెనక్కి తీసుకోండి, డబ్బు ఇవ్వండి, 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వండి అని.

సరే, పక్కన పెట్టుకున్న పవర్ బ్యాంక్ ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. టార్చ్ ఆన్ చేసి ఫోటో తీయండి. మీది చూశాక అమ్మానాన్న వాడేది కూడా చూడండి, ఆ చిన్న అక్షరాలు వాళ్లకి కనపడవు. ఉంటానండీ.