తిరిగి రావలసిన డబ్బు: ఒక ఉత్తరం ఎలా రాయాలి?

(వాడరేవులో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఊళ్ళో ఒకామె కథతో మొదలుపెడతాను. ఆమె మీలో కొందరికి తెలుసు. పేరు చెప్పవద్దంది కాబట్టి చెప్పను. ఆమె భర్త వేటకు వెళతాడు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ ఇంట్లోకి డబ్బు రాదు. ఆ రోజుల్లో జాకెట్లు కుట్టి నాలుగు రూపాయలు చూసుకుందామని, డ్వాక్రా గ్రూపులో తీసుకున్న అప్పులోంచి మోటారు ఉన్న కుట్టుమిషను కొనాలనుకుంది. చీరాల బజారు కంటే ఫోనులో కొంత చవక అని కొడుకు చెప్పాడు. కొడుకు ఫోనులోంచే, కొడుకు ఖాతాలోంచే, 6,480 రూపాయలు యూపీఐ ద్వారా కట్టి ఆర్డరు పెట్టారు. అది 2025 మార్చి 3.

మార్చి 8న పెట్టె వచ్చింది. విప్పితే మిషను చక్రం పగిలి ఉంది, మోటారు తిరగడం లేదు. మరునాడే వాపసుకు దరఖాస్తు పెట్టారు. 11న కుర్రాడొచ్చి పెట్టె పట్టుకుపోయాడు. సరుకు తీసుకున్న 7 రోజుల్లో డబ్బు జమ అవుతుందని ఫోనులో సందేశం వచ్చింది. అంటే మార్చి 18కి రావాలి. రాలేదు. ఆమె కొడుకు చేత తొమ్మిదిసార్లు ఫోను చేయించింది. ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ "ఇంకో 48 గంటలు ఆగండి" అన్న మాటే. చివరకు తెరమీద "వాపసు పూర్తయింది" అని కనిపించింది. "వాళ్ళేమో పంపేశామంటన్నారు, బ్యాంకులో చూస్తే పైసా లేదు. నేను అబద్ధమాడతన్నాననుకుంటన్నారమ్మా" అని ఆమె నాతో అంది. ఈలోగా గ్రూపు వాయిదా మాత్రం ఆగలేదు. మిషను లేదు, డబ్బు లేదు, అప్పు మాత్రం ఉంది.

తొమ్మిది ఫోన్లు చేసినా ఆమె చేతిలో ఒక్క రుజువు లేదు. మాట గాలిలో పోతుంది. అందుకే ఉత్తరం రాయాలి. ఎవరికి రాయాలి? వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద, 2020 జులైలో ఇ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. వాటిలో 4వ నిబంధన ప్రకారం ఇలా ఫోనుల్లో సరుకులమ్మే ప్రతి సంస్థా ఒక ఫిర్యాదుల అధికారిని నియమించాలి. గ్రీవెన్స్ ఆఫీసర్ అంటారు. ఆ అధికారి పేరు, హోదా, సంప్రదించవలసిన వివరాలు అందరికీ కనిపించేలా పెట్టాలి. సాధారణంగా యాప్‌లో అట్టడుగున, సన్నటి అక్షరాల్లో ఉంటాయి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు ఆ అధికారి తెలియజేయాలి. అందిన నాటి నుంచి ఒక నెలలో పరిష్కరించాలి. ఫోను ఎత్తే కుర్రాడికి ఈ గడువులు లేవు, ఈ అధికారికి ఉన్నాయి. తేడా అక్కడే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. అధికారి చిరునామా ఆ సంస్థ యాప్‌లోంచే తీసుకోవాలి. గూగుల్‌లో వెతికితే దొరికే కస్టమర్ కేర్ నంబర్లలో దొంగ నంబర్లు చాలా ఉంటాయి. డబ్బు వెనక్కి రావడానికి మనం పిన్ నంబరు కొట్టవలసిన పని ఎప్పుడూ ఉండదు. ఎవరైనా పిన్ కొట్టమన్నా, ఓటీపీ చెప్పమన్నా అది దొంగతనమే. అప్పటికే మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

ఉత్తరం రాయడానికి ముందు, డబ్బు ఎక్కడ ఆగిందో మనం తెలుసుకోవాలి. అది ఆగే చోట్లు మూడు. మొదటిది, సరుకు తమకు చేరలేదని అమ్మకందారు అనడం. దీనికి జవాబు, సరుకు తీసుకెళ్ళిన రోజు వచ్చిన సందేశం. రెండోది, సరుకు చేరినా సంస్థ డబ్బు పంపకపోవడం. మూడోది, పంపినా బ్యాంకు దగ్గర ఆగడం. రెండోదానికీ మూడోదానికీ తేడా తెలియాలంటే ఒకే ప్రశ్న అడగాలి: "పంపిన డబ్బుకు ఆర్‌ఆర్‌ఎన్ నంబరు ఎంత?" యూపీఐలో జరిగే ప్రతి లావాదేవీకీ 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది. నిజంగా పంపి ఉంటే ఆ నంబరు ఇవ్వగలరు, దాన్ని పట్టుకుని బ్యాంకులో వెతికించవచ్చు. నంబరు ఇవ్వలేకపోతే డబ్బు బ్యాంకు దాకా రాలేదని అనుమానించాలి.

ఏప్రిల్ 2న మేమిద్దరం కూర్చుని రాసిన ఉత్తరం ఇది. నంబర్లూ పేర్లూ తీసేసి చదువుతున్నాను.

"విషయం: ఆర్డరు నంబరు (ఇక్కడ పూర్తి నంబరు) – 6,480 రూపాయల వాపసు మార్చి 18 నాటికి రావాలి, ఇంతవరకు రాలేదు.

ఫిర్యాదుల అధికారి గారికి,

పై ఆర్డరు నా కుమారుని పేరిట ఉన్న ఖాతా నుంచి 2025 మార్చి 3న పెట్టాము. వస్తువు మోటారు ఉన్న కుట్టుమిషను. ధర 6,480 రూపాయలు, యూపీఐ ద్వారా చెల్లించాము. చెల్లింపు నంబరు ఇది. ఈ వస్తువు వాడుకోవలసినదాన్ని నేను.

మార్చి 8న వస్తువు చక్రం విరిగి, మోటారు పనిచేయని స్థితిలో అందింది. 9న వాపసు కోరాము. మీరు అంగీకరించారు. 11న మీ మనిషి వస్తువు తీసుకున్నాడు. 7 రోజుల్లో డబ్బు జమ చేస్తామని అదే రోజు మీరు సందేశం పంపారు. ఈనాటికి ఆ గడువు దాటి 15 రోజులైంది.

మీ యాప్‌లో వాపసు పూర్తయిందని ఉంది. మా బ్యాంకు ఖాతాలో జమ కాలేదు. మార్చి 11 నుంచి ఏప్రిల్ 2 వరకు స్టేట్‌మెంటు జతపరిచాము.

మేము కోరేది రెండే. ఒకటి, డబ్బు పంపి ఉంటే ఏ తేదీన, ఏ ఖాతాకు, ఏ ఆర్‌ఆర్‌ఎన్ నంబరుతో పంపారో తెలపండి. రెండు, పంపకపోతే చెల్లించిన ఖాతాకే 6,480 రూపాయలు వెంటనే పంపండి.

ఇ-కామర్స్ నిబంధనలు 2020లోని 4వ నిబంధన ప్రకారం ఈ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, ఫిర్యాదు నంబరు ఇవ్వగలరు. నెలలోగా పరిష్కరించకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాము.

జతపరిచినవి: ఆర్డరు రసీదు, విరిగిన మిషను ఫొటోలు, సరుకు తీసుకెళ్ళిన సందేశం, 7 రోజుల హామీ సందేశం, స్టేట్‌మెంటు."

చూశారా, ఇందులో తిట్లు లేవు, కష్టాల ఏకరువు లేదు. తేదీలు వరసగా ఉన్నాయి. అడిగింది స్పష్టంగా ఉంది. ఇలాంటి ఉత్తరం తెలుగులో రాయకూడదని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. కానీ చదివేవాడికి తెలుగు రాకపోవచ్చు కాబట్టి కింద ఇంగ్లీషులో కూడా పెట్టించాము. ఆర్డరు పెట్టిన ఖాతాలో ఏ ఈమెయిల్ నమోదై ఉందో దానినుంచే పంపాము. లేకపోతే "ఈ ఆర్డరు మీది కాదు" అని తోసేస్తారు.

ఆర్డరు కొడుకు పేరిట ఉంటే ఆమెకు అడిగే హక్కు ఉందా అని మీరు అడగవచ్చు. ఉంది. చట్టం దృష్టిలో, కొన్నవారి అంగీకారంతో ఆ వస్తువు వాడుకునేవారు కూడా వినియోగదారులే. మన స్త్రీలలో ఎంతోమంది ఫోను, ఖాతా, ఈమెయిల్ అన్నీ భర్త పేరనో కొడుకు పేరనో ఉంటాయి. కనుక ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి: వాడుకోవలసినదాన్ని నేను.

ఏడు రోజుల హామీ సందేశం ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి. ఇ-కామర్స్ నిబంధనల్లో వాపసుకు ఇన్ని రోజులని లెక్క లేదు. సహేతుకమైన సమయంలో ఇవ్వాలని మాత్రమే ఉంది. కానీ చట్టం 2వ సెక్షన్‌లో, లోపమున్న సరుకుకు డబ్బు రసీదులో చెప్పిన గడువులో వాపసు ఇవ్వకపోవడం, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని ఉంది. అంటే వాళ్ళ మాటే వాళ్ళను పట్టిస్తుంది. ఆ సందేశం కనిపించిన రోజే ఫొటో తీసి దాచుకోవాలి. తరవాత తెరమీద మాటలు మారిపోతాయి.

ఆలస్యానికి రోజుకు 100 రూపాయలు వస్తాయని కొందరంటారు. ఆ మాట సగమే నిజం. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం అది. ఖాతాలో డబ్బు కోతపడి చెల్లింపు మాత్రం విఫలమైనప్పుడు, నిర్ణీత గడువులో తిరిగి వేయకపోతే బ్యాంకు ఇవ్వవలసింది. సరుకు వాపసు డబ్బుకు అది వర్తించదు. వర్తించని చట్టాన్ని ఉత్తరంలో రాస్తే మిగతా మాటల బలం కూడా తగ్గుతుంది.

ఇక ఏమయింది? ఏప్రిల్ 3న ఫిర్యాదు నంబరు వచ్చింది. 9న జవాబు వచ్చింది. డబ్బు బ్యాంకుకు పంపనే లేదు. యాప్‌లోని వాలెట్‌లో వేసి "పూర్తయింది" అన్నారు. అంటే మళ్ళీ వాళ్ళ దగ్గరే ఏదైనా కొనుక్కోవాలన్నమాట. కొడుకు ఫోనులో ఆ గడి ఎవరూ తెరిచి చూడలేదు. వాలెట్‌లో వేయమని మేము కోరలేదు, అంగీకరించలేదు, చెల్లించిన ఖాతాకే పంపండి అని అదే ఫిర్యాదు నంబరు మీద రెండు వాక్యాలు రాశాము. వాలెట్‌లో డబ్బు ముట్టుకోవద్దని కొడుక్కి గట్టిగా చెప్పాము. వాడితే ఒప్పుకున్నట్టే అంటారు. ఏప్రిల్ 17న 6,480 రూపాయలు బ్యాంకులో పడ్డాయి. అప్పటికి వేట నిషేధం మొదలై రెండు రోజులు దాటింది. ఆమె చీరాల బజారులో మిషను కొనుక్కుంది. కట్టిన వాయిదా వడ్డీ మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

నెల దాటినా జవాబు రాకపోతే? మే 2 దాకా ఆగి ఆ తరవాత ఏం చేయాలో కూడా అనుకున్నాము. ముందు 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. వాళ్ళు సంస్థతో మాట్లాడి రాజీకి ప్రయత్నిస్తారు, తీర్పు చెప్పరు. అక్కడా కాకపోతే జిల్లా కమిషన్. పాత చట్టంలో అవతలి సంస్థ ఎక్కడుందో, వివాదం ఎక్కడ పుట్టిందో చూసి కేసు వేయవలసి వచ్చేది. 2019 చట్టంలో మనం నివసించే చోటే వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఇ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటినుంచే దాఖలు చేయవచ్చు. రెండేళ్ళలోపు వేయాలి. నష్టపరిహారం, ఖర్చులు అడగగలిగేది అక్కడే. అక్కడ మొదట చూపవలసిన కాగితం ఈ ఉత్తరమే.

కార్యకర్తలుగా మీకు నా మనవి ఒకటే. ఎవరైనా ఇలాంటి బాధతో వస్తే వెంటనే ఫోను తీసుకుని వాళ్ళ తరపున అరవకండి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తేదీలు ఒక్కొక్కటే అడిగి రాయండి. యాప్ తెరిచి వాలెట్ గడి చూడండి. బ్యాంకు స్టేట్‌మెంటు తీయించండి. ఉత్తరం రాశాక ఆమెకు చదివి వినిపించండి. తనను అబద్ధాలకోరు అనుకుంటున్నారని మొదట ఏడ్చిన మనిషి, ఆ ఉత్తరం విన్నాక అడిగింది: "ఇందులో నేను చెప్పిందంతా ఉందిగా? అయితే పంపెయ్యి."