వాట్సాప్‌లో కొబ్బరికాయ ధర

బండారులంక అనగానే చేనేత చీరలే గుర్తొస్తాయి గానీ, అక్కడ కొబ్బరి తోటలకూ కొదవలేదు. ఆ ఊళ్లో ఓ కుర్ర రైతు ఉన్నాడనుకోండి. అంబాజీపేట మార్కెట్లో కాయ 15 రూపాయలు పలికితే, వాట్సాప్‌లో 20కి పెట్టాడు. హైదరాబాద్ నుంచి ఒకావిడ 50 కాయలు ఆర్డరిచ్చింది. 250 మిగులుతుందనుకున్నాడు. ఒలుపు కూలి, గోనెసంచి, బస్సు పార్సిలు కలిపి 300 అయ్యాయి! పైగా ఫొటోలో అన్నీ పెద్ద కాయలు, సంచిలో చిన్నవీ కలిశాయి, రెండు పగిలాయి.

"చూపించిందొకటి, పంపిందొకటి బాబూ" అందావిడ. పగిలినవాటి డబ్బు వెనక్కిచ్చాడు. ఇప్పుడు సైజువారీగా ఏరి, పంపే సంచినే ఫొటో తీస్తున్నాడు. కాయ ధర వేరుగా, పార్సిలు వేరుగా రాస్తున్నాడు. ఆర్డర్లు కొన్ని తగ్గాయి, ఆవిడ మాత్రం మళ్లీ అడిగింది. మీరూ ధర పెట్టేముందు పార్సిలు ఖర్చు కనుక్కోండి.