అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య



ఎవరి పేరున ఈ ఉపన్యాసం ఏర్పాటు చేశారో ఆ మాస్టారికి ఎవరైనా రాతప్రతి తెచ్చి ఇస్తే, ఆయన ముందుగా మొదటి రెండు పేజీలూ చేత్తో మూసేసి మూడో పేజీ నుంచి చదివేవారు. చదివాక చెయ్యి తీసి, "ఈ రెండు పేజీలూ లేకపోతే నాకేం తెలియకుండా పోయిందో చెప్పండి" అని అడిగేవారు. చాలామంది దగ్గర జవాబుండేది కాదు. ఇవాళ నేను మాట్లాడేది ఆ ప్రశ్న గురించే.

గురజాడ 1910లో ఆంధ్రభారతిలో అచ్చువేసిన 'దిద్దుబాటు' మీ అందరూ చదివిందే. గోపాలరావు సానిపాట విని అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరి తలుపు కొట్టడంతో కథ మొదలవుతుంది. ఆ పాట ఎక్కడ జరిగింది, ఎవరు పాడారు, ఇంట్లో కమలిని సాయంత్రం నుంచీ ఏం చేసింది, ఇవేవీ చూపించలేదు. భర్త బయటా భార్య లోపలా ఉండగా తలుపు దగ్గర కథ పట్టుకున్నాడు. ముగింపూ అంతే. భార్య ఇల్లు విడిచి పోయిందనుకుని గోపాలరావు కుమిలిపోతుంటే మంచం కింది నుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయి. ఆ తరవాత భార్యాభర్తలు ఏం మాట్లాడుకున్నారో, ఆయన మళ్లీ పాటకి వెళ్లాడో మానాడో గురజాడ రాయలేదు. రాసి ఉంటే మనం ఆ కథని ఉపదేశం కింద జమకట్టి మర్చిపోయేవాళ్లం.

చిన్న కథలో సరే, మూడు వందల పేజీల నవలలో ఇది ఎలా కుదురుతుందని మీరు అడగవచ్చు. అందుకని ఒక అధ్యాయం తీసుకుందాం. ఇది నేను ఉదాహరణ కోసం కల్పించినదే గాని, ఇలాంటివి మన ప్రాంతపు రాతప్రతుల్లో తరచూ కనిపిస్తాయి. కొత్తపేట నుంచి సత్యవతి అనే ఆవిడ రాజోలులో ఉన్న తమ్ముడింటికి వెళుతుంది. తండ్రి తన పేర రాసిన కొబ్బరితోట కాగితాలు అడగాలి. అధ్యాయం పదకొండు పేజీలు. తెల్లారి లేచి కొత్తపేటలో బస్సెక్కి, అమలాపురంలో మారి, గన్నవరం దగ్గర వైనతేయ దాటేసరికి నాలుగు పేజీలయ్యాయి. కాళ్లు కడుక్కుని కాఫీ తాగి కుశలప్రశ్నలు ముగిసేసరికి ఇంకో రెండు. కాగితాల మాట మూడు పేజీలు. తరవాత ఏడుపు, తిరుగు బస్సు, రాత్రి నిద్రపట్టకపోవడం మరో రెండు.

మనవాళ్లకి కాలవగట్టు కనిపిస్తే కలం ఆగదు. అది తప్పని నేననను. కానీ ఆ నాలుగు పేజీల ప్రయాణంలో కథకి పనికొచ్చేది ఒక్కటే ఉంది. రోడ్డు పక్కనున్న తన తోటకి ఎవరో కొత్తగా కంచె వేసి ఉండటం ఆవిడ బస్సులోంచి చూస్తుంది. ఆ ఒక్కటీ ఉంచుకుని మిగతాది కొట్టేస్తే అధ్యాయం తమ్ముడింట్లోనే మొదలుపెట్టవచ్చు:

"తోటకి కంచె ఎప్పుడు వేయించావురా?"

ఆవిడ అక్క అనీ, వాడు తమ్ముడనీ, తోట గురించి ఏదో దాస్తున్నాడనీ పాఠకుడికి ఒక్క మాటలో తెలిసిపోతుంది. తమ్ముడు కాగితాలు బ్యాంకులో ఉన్నాయంటాడు. మాట తప్పిస్తాడు. రెండు పేజీలయ్యాక మరదలు పెసరట్టు ప్లేటు తెచ్చిపెట్టి, ఏమీ ఎరగనట్టు అంటుంది:

"మొన్నటి దింపు కొనుక్కున్నవాళ్లే దింపుకున్నారు కదండీ వదినగారూ, మీ తమ్ముడుగారు చెప్పలేదా?"

అధ్యాయం అక్కడ ఆపెయ్యాలి. సత్యవతి ఈ ఇంటికి వచ్చిన పని పాఠకుడికి తెలిసింది, దానికి జవాబూ దొరికింది. జవాబు విన్నాక ఆవిడ ఏం చేసిందన్నది ఇంకో సన్నివేశం. ఏడుపూ తిరుగు బస్సూ ఇక్కడ రాస్తే, పాఠకుడు అప్పటికే ఊహించుకున్నదాన్ని మళ్లీ చెప్పడమే అవుతుంది. అధ్యాయాలు సాగలాగినట్టు అనిపించేది సాధారణంగా ఇక్కడే. వాక్యాలు పొట్టిచేస్తే ఆ సాగుడు పోదు.

అయితే కొట్టేసినదానికి తరవాతి అధ్యాయం మొదటి వాక్యం లెక్క చెప్పాలి. "మర్నాడు పదిన్నరకి సత్యవతి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో ఈసీ కోసం కూర్చుంది." రోజు, చోటు, మనిషి ఈ వాక్యంలో ఉన్నాయి. వాటితోపాటు ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదనీ, తమ్ముడి మాట నమ్మలేదనీ, తోట ఎవరి పేర మారిందో కాగితం మీద చూడాలనుకుందనీ కూడా ఉంది. రెండు పేజీల నిద్రపట్టని రాత్రి చేయలేని పని ఇది. మొగుడితో చెప్పి వచ్చిందా లేదా అన్న అనుమానం పాఠకుడికి వస్తుంది. రానివ్వండి. కానీ పేజీ తిరిగేలోపు దానికి జవాబు అందాలి. అందకపోతే పాఠకుడు కథ చదవడం మానేసి ఆ ఖాళీని తనే పూరించుకోవడంలో పడతాడు.

మరీ ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల వచ్చే తంటా వేరు. నలుగురు మాట్లాడుకుంటుంటారు, ఎవరెవరో తెలియదు. చదివేవాడు వెనక్కి పేజీ తిప్పాడంటే సన్నివేశం అవసరమైన చోటుకంటే అవతల మొదలైందని అర్థం. అప్పుడు చాలామంది పరిచయ వాక్యాలు తెచ్చి అతికిస్తారు. మన ఇళ్లలో ఆ అవసరం అంతగా ఉండదు. "వదినగారూ", "ఒరే", "ఏవండీ" అన్న పిలుపులే సగం పరిచయం చేసేస్తాయి. పైన మరదలి మాటలో జరిగింది అదే.

ఈ పద్ధతి పనికిరాని చోటూ ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి రాసేవారు గాలి లేచాక మొదలుపెడితే దెబ్బతింటారు. ఏం రాబోతోందో చదివేవాడికి తెలుసు, పాత్రలకి తెలియదు. అందుకని ఆ సాయంత్రం ఎండబెట్టిన కొబ్బరికాయలు లోపలికి చేర్చడం, పశువుల్ని పాకలో కట్టడం, రేపటి పెళ్లిచూపుల గురించి మాట్లాడుకోవడం ఎంత నెమ్మదిగా రాస్తే అంత బిగువు వస్తుంది. ముందే వెళ్లి కూర్చోవాల్సిన సన్నివేశం అది. బస్సు ప్రయాణానికి ఆ బలం లేదు. దాని చివర ఏముందో చదివేవాడికీ తెలియదు, సత్యవతికీ తెలియదు.

ఇక వారపత్రికల సంగతి. రాజోలులో 1948లో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన రోజులు ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటాయి. వారం వారం వచ్చే రచనకి చివర ఒక కొక్కెం కావాలి, మళ్లీ వారం మొదట్లో జరిగిన కథ గుర్తుచేసే నాలుగు వాక్యాలు కావాలి. పత్రికలో అవి తప్పనిసరి, ఎందుకంటే మధ్యలో ఏడు రోజులు గడుస్తాయి. పుస్తకంలో ఆ ఏడు రోజులూ లేవు, ఒక్క పేజీ తిప్పడమే. అప్పుడే చదివినదాన్ని మళ్లీ చెబితే నడక కుంటుతుంది. ప్రతి అధ్యాయమూ ఉలిక్కిపాటుతోనే ముగిస్తే ఆరో ఉలిక్కిపాటుకి పాఠకుడు కదలడు.

సీరియల్‌ని పుస్తకంగా వేయించుకునేవారికి, అసలు ఏ రాతప్రతి దిద్దుకునేవారికైనా, నేను చెప్పేది ఇదీ. ప్రతి అధ్యాయం మొదటి వాక్యమూ చివరి వాక్యమూ ఒక కాగితం మీద వరసగా రాసుకుని, అవి మాత్రమే పైకి చదవండి. "తెల్లవారింది" అన్నవి ఎన్ని, "నిద్రలోకి జారుకుంది" అన్నవి ఎన్ని, తలుపు చప్పుళ్లు ఎన్ని అన్నది పది నిమిషాల్లో తేలిపోతుంది. వరసగా మూడు ఒకే రకంగా ఉంటే నడిమిదాన్ని మార్చండి. ఆ అధ్యాయం చివరి పేరా తీసేసి దాని పై పేరాతో ముగిస్తే ఎలా ఉందో చూడండి. చాలాసార్లు అంతకు మించి చేయవలసింది ఉండదు. అప్పటికీ కుదరకపోతే లోపం ముగింపులో లేదు, ఆ అధ్యాయంలో ఎవరికీ ఏదీ కావలసి రాలేదు. అలాంటిదాన్ని పక్క అధ్యాయంలో కలిపెయ్యాలి.