ముందు పళ్లెం మార్చండి అక్కా
(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగపాఠం)



ప్రొద్దుటూరులో మా పక్కింటివాళ్లు రాజస్థాన్ నుంచి మూడు తరాల కిందట బంగారు వ్యాపారానికి వచ్చి స్థిరపడిన జైనులు. ఇంట్లో మార్వాడీ, వీధిలో మనలాగే కడప తెలుగు. కొత్తలో ఒకరోజు ఆ ఇంటి కోడల్ని భోజనానికి పిలిచాను. ఎర్రగడ్డ, తెల్లగడ్డ వాళ్లు ముట్టరని తెలుసు కాబట్టి ఇంగువ వేసి కందిపప్పు, బీరకాయ కూర చేశాను. పప్పన్నం హాయిగా తింది. పెరుగు వెయ్యబోయేసరికి చెయ్యి అడ్డం పెట్టి, "ముందు పళ్లెం మార్చండి అక్కా" అంది. లేచి వెళ్లి చేతులు కడుక్కుని, నోరు పుక్కిలించి వచ్చింది. నేను కొత్త పళ్లెం పెట్టానే గాని, మనసులో చివుక్కుమంది. మా ఇంటి ఎంగిలి, మైల ఏమైనా అనుకుందేమోనని రెండు రోజులు మథనపడ్డాను. చివరికి ఉండబట్టలేక అడిగేశాను.

ఆమె నవ్వి, "మీ ఇంటి సంగతి కాదక్కా, పప్పు సంగతి" అంది.

వాళ్ల లెక్క ఇది. రెండు బద్దలుగా విడిపోయే గింజ, గానుగాడితే నూనె రానిది, దాన్ని ద్విదళం అంటారు. కంది, పెసర, మినుము, శనగ అన్నీ అందులోవే. కాచని పాలు గాని, కాచని పాలతో తోడుపెట్టిన పెరుగు మజ్జిగలు గాని ఈ ద్విదళంతో కలిస్తే ఆ క్షణంలోనే అందులో సూక్ష్మజీవులు పుడతాయని వాళ్ల శాస్త్రం. నోట్లో కలిసినా అంతే. అందుకే పళ్లెం మార్చడం, పుక్కిలించడం. కాచిన పాలతో తోడుపెట్టినా సరే, ఆ పెరుగును పప్పుతో కలపాలంటే మళ్లీ వేడి చెయ్యాలని వీళ్లింట్లో పట్టింపు. మరి ఆవడలు తినరా అంటే తింటారు. పెరుగును ముందు పొయ్యిమీద పెట్టి, వేలు పెడితే చురుక్కుమనేదాకా వేడిచేసి, అప్పుడు వడలు వేస్తారు. పెరుగు విరగకుండా కలుపుతూ సన్నసెగన వేడిచెయ్యడం వాళ్ల ఆడవాళ్లకు చేతనైన విద్య. నేను రెండుసార్లు ప్రయత్నించి విరగ్గొట్టుకున్నాను.

"మరి వేరుశనగ పచ్చడిలో పెరుగు కలుపుతారే మీరు?" అన్నాను. వేరుశనగ కూడా రెండు బద్దలే, అయితే నూనె వస్తుంది కనుక ద్విదళం కాదట. మన పులివెందుల వైపు చేలల్లో పండే పంట కదా, నాకు ఇంకో అనుమానం వచ్చింది. భూమిలో ఊరేది వాళ్లు తినరంటారే, వేరుశనగ ఎలా తింటారు? దానికీ జవాబు సిద్ధంగా ఉంది. భూమిలో ఊరిందా పైన కాసిందా అన్నది అసలు ప్రశ్న కాదు. పువ్వు పూసి, ఊడ భూమిలోకి దిగి కాసిన కాయ వేరుశనగ. కాబట్టి అది గింజేగాని గడ్డ కాదు.

గడ్డకు వాళ్లు చెప్పే గుర్తులు వేరు. విరిస్తే పీచు కనబడకుండా సమంగా విరగాలి. లోపల ఈనెలు, కణుపులు పైకి తెలియకూడదు. ముక్కలు చేసి నాటితే ముక్కముక్కా మొలవాలి. ఇలాంటిదాన్ని అనంతకాయం అంటారు, అంటే ఒక్క శరీరంలో అనంతమైన జీవులు కాపురమున్నది అని. ఉర్లగడ్డ చూడండి, ప్రతి కన్నూ ఒక మొక్క అవుతుంది. బెండకాయ తుంచితే ఒక కాయకు నష్టం. గడ్డ తవ్వితే మొక్క మొత్తం పోతుంది, దాన్ని అంటుకున్న మట్టిలో పురుగూ పుట్రా పోతాయి. అందుకని ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ముల్లంగి, క్యారట్, పచ్చి అల్లం మానేస్తారు. ఎండిన శొంఠి, పసుపు మాత్రం వాడతారు. అవి కుళ్లకుండా తమంతట ఎండిపోతాయి, పైగా చిటికెడుతో సరిపోతుంది.

మనకు కష్టమనిపించేది చద్దన్నం నిషేధం. నీళ్లు పోసి వండినదేదీ రాత్రి దాటితే తినకూడదు. రాగి సంగటి అయినా ఏ పూటకా పూటే. ఇడ్లీ పిండి రాత్రి రుబ్బి ఉంచరు. తెల్లవారి రుబ్బుకుని, పగలే పులిసినంత మటుకు పులిసి, పొద్దుగూకేలోగా ఇడ్లీ అయిపోవాలి. వేసవిలో మన ఎండలకు బాగానే పొంగుతుంది. చలికాలంలో రాళ్లలా వస్తాయని ఆమే ఒప్పుకుంటుంది.

పొద్దుగూకితే తినరన్నది మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. దీపపు వెలుగుకు చేరే పురుగులు అన్నంలో పడతాయన్నది పాత కారణం. కరెంటు వచ్చాక ఆ కారణం తగ్గింది కదా అంటే, "వానాకాలం మీ ట్యూబులైటు కింద ఒక పళ్లెం పెట్టి చూడండి" అంది. నిజమే, ఉసిళ్ల కాలంలో మనమూ లైటు ఆర్పేసి తింటాం. పొద్దున కూడా సూర్యోదయమైన 48 నిమిషాల దాకా నోట్లో నీళ్లు పోసుకోనివాళ్లు ఉన్నారు. దాన్ని నవకార్సీ అంటారు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా నాలుగు నెలలు నియమాలు ఇంకా బిగుస్తాయి. ఆకుకూరలు పూర్తిగా బంద్, ఎందుకంటే ఆ తడికి ఆకు వెనక గుడ్లు, పురుగులు ఎక్కువ.

నీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. మనమూ వడకట్టుకుంటాం, మన ఆరోగ్యం కోసం. వాళ్లు వడకట్టేది నీళ్లలో ఉన్నవాటి ప్రాణం కోసం. దళసరి గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టాక, ఆ గుడ్డను తిరగేసి వడకట్టిన నీళ్లతోనే కడిగి, ఆ కడుగును ఏ బావి నీళ్లో ఆ బావిలోనే పోయాలి. పైనుంచి కుమ్మరించకూడదు, బొక్కెనతో నీటిమట్టం దాకా దించి ఒంచాలి. ఈ బావి జీవి ఆ బావిలో బతకదని వాళ్ల ఆలోచన. బావులు పోయి కొళాయిలు, బోర్లు వచ్చాక తిరిగి పోయడానికి చోటే లేకుండా పోయింది. పక్కింటి అత్తగారు ఈ ఒక్క విషయానికి ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

ఇక ప్రయాణాలు. సాధువులు, సాధ్వులు బండి ఎక్కరు, చెప్పులు తొడగరు. మూడున్నర మూరల మేర ముందు నేల చూసుకుంటూ, పగటి వెలుగులోనే నడుస్తారు. వానాకాలం నాలుగు నెలలు నేలంతా మొలకలు, పురుగులు కాబట్టి ఒకే ఊళ్లో ఉండిపోతారు. సంసారులకు అంత లేదు గాని, సూర్యాస్తమయం వెంటాడుతూనే ఉంటుంది. మొన్న డిసెంబరులో నేనూ ఆమే పులివెందులకు ఒక పెళ్లికి వెళ్లాం. చలికాలం మన వైపు ఐదూ ముప్పావుకల్లా పొద్దు గూకుతుంది. రాత్రి విందు ఎనిమిదింటికి. ఐదు గంటలకే బస్సులో డబ్బా విప్పి, నాలుగు ఖాక్రాలు, వేయించిన పెసలు తిని నీళ్లు తాగేసింది. పెళ్లివారు బతిమాలితే, "కడుపు నిండుగా ఉంది, మీ వంటలు మా అక్క చెబుతుంది లెండి" అని నవ్వింది. నియమం గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. ఎందుకమ్మా చెప్పలేదంటే, "చెబితే వాళ్లు చిన్నబోతారు, తప్పు చేశామేమో అనుకుంటారు. అదీ హింసే కదా" అంది.

మాటలో అహింస అంటే ఇదే. దీనికి భాషాసమితి అని పేరు. వేటగాడు జింక ఎటు పోయిందని అడిగితే, తెలిసినా సాధువు మౌనంగా ఉండాలని వాళ్ల ఆగమాలు చెబుతాయి. ఇళ్లల్లోనూ కూర "కొయ్యి" అనరు, "సుధార్నా" అంటారు, అంటే బాగుచెయ్యడం. మనమూ ఆకుకూర బాగుచెయ్యమనే అంటాం కదా! దీపం కొండెక్కిందంటాం, బియ్యం నిండుకున్నాయంటాం. అంత నాజూకైన భాష పెట్టుకుని, పిల్లలమీద కోపం వస్తే "తోలు తీస్తా, కాళ్లిరగ్గొడతా" అంటాం. వాళ్లింట్లో ఆ మాటలు నేను వినలేదు. కసురుకోవడం మాత్రం విన్నాను, అబద్ధమెందుకు.

ఇంత సూక్ష్మం చూసేవాళ్లు మన జిల్లాలో ఈ నాటివాళ్లే కారు. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడు ఉంది. 1903లో అక్కడ ఇసుక దిబ్బలు తవ్వితే జైన ఆలయాలు, నిలువెత్తుకు మించిన పార్శ్వనాథుడి విగ్రహం బయటపడ్డాయి. 10వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు నిత్యవర్షుడు, అంటే మూడో ఇంద్రుడు, శాంతినాథుడి అభిషేకానికి అక్కడ స్నానపీఠం చేయించాడు. ఆ రాజు సేనాని శ్రీవిజయుడి శాసనస్తంభం కూడా అక్కడిదే. యుద్ధాలు గెలిచిన మనిషి, చివరికి అన్నీ వదిలి సన్న్యసించాడు.

కత్తి పట్టిన సేనాని జైనుడెలా అయ్యాడని నాకు పెద్ద సందేహం. పక్కింటి అత్తగారు తీర్చింది. సంసారికి హింస నాలుగు రకాలట: వంటా వార్పూలో జరిగేది, వృత్తిలో జరిగేది, ఎదిరించి కాపాడుకోవడంలో జరిగేది, కావాలని చేసేది. మొదటి మూడూ తగ్గించుకోవాలి. నాలుగోది పూర్తిగా మానాలి. సేనాని మూడోదాంట్లో ఉన్నాడు, దాన్నీ చివరికి దించుకున్నాడు.

అప్పుడు నేను కొంచెం పుల్లవిరుపుగానే అన్నాను: "చీమను కాపాడతారు సరే, మనుషుల సంగతేమిటి?" అని. ఆవిడ కోపగించుకోలేదు. సంసారి అహింసావ్రతానికి ఐదు అతిచారాలు, అంటే వ్రతానికి తగిలే మచ్చలు, చెప్పారని వేళ్లు మడిచి లెక్కపెట్టింది. కట్టెయ్యడం, కొట్టడం, అవయవం కొయ్యడం, మోయలేని బరువు పెట్టడం, వేళకు అన్నం నీళ్లు అందకుండా చెయ్యడం. పశువుకైనా, మనిషికైనా ఇవే. "ఉర్లగడ్డ దీని తర్వాత" అంది.

ఆమె అది నన్ను ఉద్దేశించి అనలేదు. కాని మా పనిమనిషి ఆ రోజు ఉదయం ఆరింటికి వచ్చింది, బట్టలయ్యాక అంట్లు, అంట్లయ్యాక ఇల్లు తుడవడం. మేమందరం తిన్నాక మిగిలింది చూసి పెడదామని రెండున్నర దాకా ఆమెకు ముద్ద పెట్టలేదు. అదేమీ కొత్త కాదు, రోజూ జరిగేదే. ఇంటికొచ్చి చూస్తే ఆమె గడపలో కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. మర్నాటి నుంచి తొమ్మిదింటికే, మాతోపాటే, వేడన్నం పెడుతున్నాను. మొదట్లో మా అత్తగారికి ఇది నచ్చలేదు. ఇప్పుడు ఆవిడే "దానికి పెట్టావా?" అని అడుగుతోంది.

భాద్రపదంలో వాళ్ల పర్యుషణం ముగిసిన రోజు పక్కింటి కోడలు మా ఇంటికొచ్చింది. ఏడాదిలో తెలిసో తెలియకో నొప్పించి ఉంటే మన్నించమని, "మిచ్ఛామి దుక్కడం" అని నాకు చేతులు జోడించింది. మా అత్తగారికి జోడించింది. తర్వాత పెరట్లోకి వెళ్లి, అంట్లు తోముతున్న మా పనిమనిషి ముందు నిలబడి అదే మాట అంది. ఆమె బూడిద చేతులతోనే గబాలున లేచి నిలబడి, ఏం చెయ్యాలో తెలియక నా వైపు చూసింది.