సన్న కారప్పూస నూనెలో విరిగిపోతోందా? కారణం ఎక్కడుందో చూద్దాం

పోయిన వీడియో కింద చాలామంది ఒకటే అడిగారు. "జంతికలు బాగానే వస్తున్నాయి, సన్న కారప్పూస మాత్రం ముక్కలైపోతోంది" అని. ఉత్తరాదివాళ్ళు సేవ్ అంటారే, అదే. ఈ మధ్య ఏలూరులో మా వదినగారింట్లో జరిగింది చెప్తాను, అందులోనే జవాబు ఉంది.

వాళ్ళమ్మాయి అత్తవారిది కైకలూరు వైపు, కొల్లేరు దగ్గర. సారెలోకి కారప్పూస చుట్టలు చుట్టలుగా ఉండాలని వదిన పట్టుదల. నేను తాడేపల్లిగూడెం నుంచి వెళ్ళేసరికి పిండి కలిపేసి ఉంది. అర కిలో శనగపిండి, వంద గ్రాముల బియ్యప్పిండి, ఉప్పు, కారం. అంతవరకు సరే. వాము కూడా నూరి, నీళ్ళలో కలిపి, వడకట్టి పోసింది. అదీ మంచిదే, ఎందుకంటే వాము గింజ ఒక్కటి అడ్డుపడినా సన్న బిళ్ళ చిల్లు మూసుకుపోతుంది.

మొదటి వాయి వేశాం. పూస నూనెలో పడగానే నురగ బాగా పొంగి, తీగలన్నీ రవ్వరవ్వగా చెదిరిపోయాయి. "నూనె చాలా కాగిపోయిందేమో" అంది వదిన. కాదండీ. నూనె ఎక్కువ కాగితే పూస ఎర్రబడుతుంది, చెదరదు. "గుల్లగా రావాలని ఏం వేశావు?" అని అడిగితే అప్పుడు చెప్పింది. గరిటెడు వేడి నూనె, పైన చిటికెడు వంటసోడా.

అదీ అసలు సంగతి. గోధుమపిండికి ఉన్నట్టు శనగపిండికి సాగే జిగురు ఉండదు. నీళ్ళతో తడిసి ఒకదాన్నొకటి పట్టుకోవాలంతే. నూనె ఎక్కువైతే ఆ పట్టు పోతుంది. లావు జంతిక కాబట్టి తట్టుకుంటుంది, దారం లాంటి పూస తట్టుకోలేదు. ఈ కొలతకి రెండు టేబుల్ స్పూన్ల వేడి నూనె చాలు. సోడా అసలు వద్దు, సన్నగా ఉంటే దానంతటదే కరకరలాడుతుంది.

మరి కలిపిన పిండి పారేయాలా? అక్కర్లేదు. ఇంకో పావు కిలో శనగపిండి జల్లించి, నూనె లేకుండా, దానికి తగ్గ ఉప్పు, నీళ్ళతో కలిపి, పాతదాంట్లో వేసి పిసికాం. జంతికల పిండి కన్నా మెత్తగా ఉండాలి, చేతికి కొంచెం అంటుకోవాలి. గట్టిగా ఉంటే గొట్టంలోంచి వచ్చే తీగ అంచులు రంపంలా చీలిపోతాయి. ఒక్క తీగ పళ్ళెంలో ఒత్తి చూడండి, నున్నగా జానెడు పొడవు తెగకుండా దిగితే పిండి కుదిరినట్టే. గొట్టంలో సందులు లేకుండా నొక్కి నింపండి. లోపల గాలి ఉంటే తీగ టపటపా తెగుతుంది.

రెండో వాయి చెదరలేదు కానీ తెల్లగా, నూనె కారుతూ వచ్చింది. ఆ పిండి కలుపుతున్నంతసేపూ మూకుడు సన్న సెగ మీదే ఉంది, నూనె చల్లారింది. చల్లటి నూనెలో పూస నూనె పీల్చుకుని మెత్తబడుతుంది, గరిటె తగిలితే విరుగుతుంది. థర్మామీటరు ఉన్నవాళ్ళు 170 నుంచి 180 డిగ్రీలు చూసుకోండి. లేనివాళ్ళు చిన్న పిండి ముక్క వేయండి. అడుగుకి వెళ్ళి, వెంటనే రంగు మారకుండా పైకి తేలాలి. అడుగునే ఉంటే కాగలేదు, వేయగానే ఎర్రబడితే మంట తగ్గించాలి.

మూడో వాయి. చెయ్యి ఆపకుండా బయట నుంచి లోపలికి చుట్టగా, ఒక్క వరసే ఒత్తాను. వరస మీద వరస పడితే మధ్యలో ఆవిరి ఉండిపోయి పచ్చిగా ఉంటుంది. ఒత్తగానే గరిటె పెట్టకండి, తీగ ఇంకా మెత్తగానే ఉంటుంది. అర నిమిషానికి బుడగలు తగ్గుతాయి, చుట్ట అంచు గట్టిపడుతుంది. అప్పుడు కింద చిల్లుల గరిటె, పైన అట్లకాడ పెట్టి, ఒక్కసారే తిప్పాలి. ఇంకో అర నిమిషం ఉంచి, బుడగలు దాదాపు ఆగగానే, ఎర్రబడక ముందే తీసేయాలి. బయటికి వచ్చాక కూడా ఆ వేడికి రంగు కాస్త ముదురుతుంది. మూకుడు అంచున వాల్చి నూనె ఓడ్చండి, దులపకండి.

తర్వాత వాయికి ముందు నూనె మళ్ళీ కాగనిచ్చి, అడుగున పడ్డ నలుసులు తీసేశాం. అలా మిగతావన్నీ చుట్టలుగానే వచ్చాయి.

ఇంకొక్క మాట. కొల్లేరు వైపు గాలిలో తేమ ఎక్కువ, పళ్ళెంలో వదిలేస్తే కారప్పూస మెత్తబడిపోతుంది. అలాగని వేడి మీద డబ్బాలో పెడితే దాని ఆవిరికి అదే మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారగానే బిగుతు మూత డబ్బాలో, వరసకీ వరసకీ మధ్య కాగితం వేసి సర్దాం. పైన ఖాళీ మిగిలితే బస్సు కుదుపుకి విరుగుతాయని అక్కడ కూడా కాగితం కుక్కాం.

మర్నాడు సాయంత్రం వదినకి ఫోనొచ్చింది, పైవరసలో రెండు చుట్టలు తప్ప అన్నీ నిలిచాయట. చెదిరిపోయిన మొదటి వాయి అంటారా, మరమరాల్లో కలుపుకుని మేమే తినేశాం. మీ పూస ఎలా విరుగుతోందో, గొట్టంలోనా, నూనెలోనా, డబ్బాలోనా, అది చూసి కామెంట్లో రాయండి. ఉంటానండీ.