సంక్రాంతి ముగ్గులు, గాలిపటాలు: మన కాంప్లెక్స్ పోటీలకు రండి

డాలస్ పక్కన ఇర్వింగ్‌లో, మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో పండుగ తరువాత వచ్చే శనివారం నాడు ముగ్గుల పోటీ, గాలిపటాల పోటీ పెట్టుకుంటున్నాం. ఆ కబురు చెప్పి మిమ్మల్ని పిలవడానికే ఈ నాలుగు మాటలు.

పోయిన ఏడాది ఈ పోటీలు జరగలేదు. అంతకు ముందు ఏడు ఎవరో ఊరినుంచి తెచ్చిన గాజు మాంజా తెగి చెట్టుకు చిక్కుకుంది. సైకిల్ మీద వెళుతున్న ఒక పిల్లవాడి గడ్డం కింద అది గీసుకుంది. గాయం చిన్నదే, మానిపోయింది. కానీ ఆఫీసువారు మరుసటి ఏడు అనుమతి ఇవ్వలేదు. ఈసారి మేము నియమాలు రాసి చూపించాక ఒప్పుకున్నారు. అవి ఏమిటో, ఎందుకో చెబుతాను.

ముందు ముగ్గుల సంగతి. ఉదయం పది గంటలకు మొదలు, రెండు గంటల సమయం. ఒక్కొక్కరికి ఒక కారు నిలిపే చోటు ఇస్తాం. దాని వెడల్పు 9 అడుగులు. అందరికీ ఒకే లెక్క: 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. చుక్కకీ చుక్కకీ మధ్య 6 అంగుళాలు పెడితే, పెద్ద వరుస 7 అడుగులు వస్తుంది. అటూ ఇటూ ఒక్కొక్క అడుగు కూర్చోవడానికి మిగులుతుంది.

చాలామంది పైనుంచి మొదలుపెట్టి తడబడతారు. మధ్యలో 15 చుక్కల వరుస ముందు పెట్టండి. తరువాత పైన 14, కింద 14, ఆపైన 13, అలా ఎనిమిది దాకా. ప్రతి చుక్కా ముందు వరుసలోని రెండు చుక్కల సందులో పడాలి. అన్నీ కలిపి 169 చుక్కలు. లెక్క సరిపోయినా ముగ్గు ఒక పక్కకి ఒరుగుతుంటే, ఎక్కడో ఒక వరుస జరిగిందన్నమాట. పెద్ద వరుస చివరి చుక్కనుంచి ఎనిమిది చుక్కల వరుస చివరిదాకా దారం పట్టి చూడండి. మధ్యలోని చుక్కలన్నీ ఆ దారం మీద ఉంటే సరే. గీతలు మొదలుపెట్టకముందే ఇది చూసుకోవాలి, తరువాత దిద్దడం కష్టం.

ఇక్కడి గాలికి ఉత్త బియ్యప్పిండి వేళ్ళమధ్యనుంచే ఎగిరిపోతుంది. అందుకని గ్లాసు పిండికి గ్లాసు సన్నని పొడి ఇసుక కలిపి తెచ్చుకోండి. చుక్కలకి పిల్లలు గీసుకునే లావు చాక్‌పీసు మంచిది. సాయంత్రం ఎవరి ముగ్గు వాళ్ళే చీపురుతో ఊడ్చి సంచిలో ఎత్తాలి. నీళ్ళుపెట్టి కడగకూడదు. ఇక్కడ వీధి కాలువల్లో పడిన రంగు ఏ శుద్ధీ లేకుండా నేరుగా వాగుల్లోకి పోతుంది. ఆఫీసువారి మొదటి షరతు ఇదే.

ఇక గాలిపటాలు, మధ్యాహ్నం రెండు గంటలకి, వెనక ఉన్న ఖాళీ మైదానంలో. దారం మేమే ఇస్తాం. సాదా నూలు దారం, ఒక్కొక్కరికి 200 అడుగులు. మైదానానికి దగ్గరగా ఉన్న కరెంటు తీగలు 300 అడుగుల అవతల ఉన్నాయి. దారం తెగనంతవరకూ పటం ఎటు వాలినా తీగలదాకా పోలేదు. తెగిన పటం మాత్రం ఎంత దూరమైనా పోతుంది. అందుకే ఈసారి ఒకరి దారం ఒకరు కోసుకోవడం లేదు. ఎవరి పటం ఎక్కువసేపు గాలిలో నిలిస్తే వారిదే బహుమతి.

"కోత లేకపోతే గాలిపటం ఏమిటండీ?" అని మా పక్కింటి హైదరాబాదు బాబాయిగారు ఇప్పటికే అలిగారు. కానీ నైలాన్ మాంజాను మన దేశంలోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో నిషేధించింది. పైగా ఇక్కడ విమానాశ్రయం మనకి పక్కనే. ఇక్కడి విమానయాన నియమాల్లో చాలామటుకు 5 పౌండ్లు దాటిన పటాలకే. మన కాగితపు పటాలు అంత బరువుండవు. అయినా ఎంత చిన్న పటమైనా ఇతరులకు ప్రమాదం కలిగేలా ఎగరేయకూడదనే నియమం అందరికీ వర్తిస్తుంది.

పటం గిరగిరా తిరుగుతుంటే తోక పొడుగు చేయండి. బరువుగా ఉండి లేవకపోతే తోక కొంచెం తగ్గించండి. చెట్ల ఆకులు కదులుతుంటే గాలి సరిపోతుంది. పెద్ద కొమ్మలే ఊగుతుంటే ఆ రోజు ఎగరేయం, ఆదివారానికి మారుస్తాం. పటం ఎక్కడైనా తీగలకి చిక్కితే దారం వదిలేయండి. లాగవద్దు, కర్రతో తీయవద్దు. మాకు చెబితే కరెంటు కంపెనీకి ఫోన్ చేస్తాం.

పేర్లు శుక్రవారం సాయంత్రం లోపు క్లబ్ హౌస్‌లోని పుస్తకంలో రాయండి. ప్రతి పటానికీ ఒక పెద్దా ఒక పిల్లా జంటగా ఉండాలి. మీ పొరుగింటి అమెరికన్లని, మెక్సికన్లని కూడా పిలవండి, చుక్కలు పెట్టడానికి భాష అక్కరలేదు. ఇంట్లో పాత మాంజా చుట్ట ఉంటే మాత్రం దయచేసి అక్కడే ఉంచి రండి. ఈసారి సవ్యంగా జరిగితేనే వచ్చే ఏడు మళ్ళీ అనుమతి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. సెలవు.