మన పల్లి కరపత్రం ఇండోనేసియా భాషలోకి



మన పెద్దమందడి దిక్కు యాసంగి పల్లికి పనికొచ్చే తెలుగు కరపత్రాన్ని ఇండోనేసియా భాషలోకి రాస్తున్న ఒకామె, జావా దీవి రైతుల కోసం అని చెప్పి సందేహాలు తెచ్చింది. ఆ భాష మాకు రాదు, పంట మాత్రం తెలుసు. ఆమెతో కూర్చొని సరిచూసిన మూడు సంగతులు మీకు చెప్తున్నాం.

మొదటిది పేరు. అక్కడ పల్లిని 'కాచాంగ్ తానా' అంటరు. తానా అంటే మన్ను. పెసర్లు 'కాచాంగ్ హిజావ్'. ఉత్త కాచాంగ్ అని రాస్తే ఏ పంటో తెలువదు. మన 'వేరుశనగ'లోని శనగను పట్టుకొని మార్చినా పంటే మారిపోతది. అందుకే ప్రతిచోటా పూర్తి పేరు రాయించినం.

రెండోది కొలత. మన కాగితంలో పూతమీద, ఊడలు దిగే సమయాన ఎకరానికి 200 కిలోల జిప్సం వెయ్యాలని ఉంటది. అక్కడ లెక్క హెక్టారులో. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు, అంటే 500 కిలోలు. ఎకరం మాట తీసి హెక్టారు పెట్టి, 200 అట్లనే ఉంచితే మందు సగానికంటే తక్కువ పడి కాయ తాలుపోతది. చిన్న మడి ఉన్నోళ్లకు ఇంకో లెక్క చెప్పినం. మన గుంట సుమారు వంద చదరపు మీటర్లు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి గుంటకు 5 కిలోలు. వాళ్లకు 'వంద చదరపు మీటర్లకు 5 కిలోలు' అని రాస్తే సరిపోయింది. యూరియాకు బస్తా లెక్క తీసేయించినం. మన బస్తా 45 కిలోలు, వాళ్లది 50. కిలోల్లోనే రాయాలె.

మూడోది కాలం. ఇదే పెద్ద చిక్కు. మనం హస్త, చిత్త కార్తెల్లో, అంటే అక్టోబరు దిక్కు విత్తుతం. నూరు రోజులు దాటినంక పీకేటప్పుడు ఎండ ఉంటది. జావాలో జనవరి, ఫిబ్రవరి నెలలే జోరు వానలు. అదే నెల పెట్టి రాస్తే కాయ వానలో పీకాలె. గుత్తి రకాలకు నిద్ర తక్కువ, తడి మన్నుల గింజ మొలకెత్తుతది. ఎండకపోతే బూజు పట్టి విషం చేరుతది. ఊపితే కాయ లోపల గింజ గలగలలాడాలె, అదే ఎండిన గుర్తు.

అందుకని నెల పేరు, కార్తె పేరు తీసేసి, 'వరి కోసినంక, వానలు తగ్గేటప్పుడు విత్తండి, పీకే రోజులు ఎండల్లో పడాలె' అని రాయించినం. ఇండోనేసియాలో దీవికో తీరు వాన కాబట్టి ఇది జావాకే అని పైన పెట్టించినం. నేల పులుపు ఉన్న చోట జిప్సం చాలదు, సున్నం కావాలె. ఆ మాట మాత్రం అక్కడి వ్యవసాయ విస్తరణ అధికారి చూసి ఖాయం చెయ్యాలని అట్టిపెట్టినం.